పంచని లాభానికి పన్ను: ఒక సంవాదం

కుటుంబ కంపెనీ లాభం సంపాదిస్తే ముందు కంపెనీ పన్ను కడుతుంది. మిగిలినదాన్ని యజమాని డివిడెండుగా ఇంటికి తెచ్చుకుంటే తన పేరున మళ్లీ పన్ను కట్టాలి. తెచ్చుకోకుండా కంపెనీ ఖాతాలోనే ఉంచేస్తే ఆ రెండో పన్ను పడదు. ఆ దారి మూయడానికి మన దేశంలో 1930లో ఒక సెక్షన్ వచ్చింది. 1922 నాటి చట్టంలో అది 23ఎ, 1961 చట్టంలో 104. 1987 ఫైనాన్స్ చట్టం దాన్ని తీసేసింది, 1988 ఏప్రిల్ నుంచి అది లేదు. మళ్లీ తేవాలా వద్దా అన్నది మా ఇంట్లో తేలని తగువు. మామయ్య 1980ల మొదట్లో విజయవాడలో ఆ సెక్షన్ కింద ఆర్డర్లు రాసిన ఆదాయపు పన్ను అధికారి. ఆయన మేనకోడలు అదే ఊళ్లో చార్టర్డ్ అకౌంటెంటు, ఆమె దగ్గరికొచ్చేవి ఎక్కువగా కుటుంబ కంపెనీలే. వాళ్ల మాటలు నడిచిన వరసలోనే రాస్తున్నాను.

మామయ్య: నీ దగ్గర ఆ సిమెంటు, ఇనుము టోకు వ్యాపారం కంపెనీ ఉందే, అన్నదమ్ములిద్దరిదీ. వాళ్ల బ్యాలెన్స్ షీటులో ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఎంత?

మేనకోడలు: బ్యాంకు నిల్వతో కలిపి నాలుగు కోట్లు. పేర్లు చెప్పకుండా మాట్లాడుకుందాం మామయ్యా.

మామయ్య: పేర్లెందుకు, లెక్క చాలు. ఏడాదికి కోటి లాభం అనుకో. 22 శాతం పన్ను, దాని మీద సర్‌ఛార్జి, సెస్సు కలిపి 25.168 శాతం. కంపెనీలో మిగిలేది 74 లక్షల 83 వేలు. అన్నగారి సొంత ఆదాయం కోటి దాటింది కాబట్టి డివిడెండు మీద ఆయనకు పడేది 35.88 శాతం. ఆ 74.83 లక్షలూ పంచితే 26 లక్షల 85 వేలు పన్ను పోయి, చేతికి 47 లక్షల 98 వేలు వస్తుంది. అంటే కోటిలో 52 లక్షలు పన్ను. పంచకపోతే 25 లక్షలు. ఈ రెండింటి మధ్య ఉన్న 27 లక్షల కోసమే ఆ నాలుగు కోట్లు పేరుకున్నాయి.

మేనకోడలు: వాళ్లు డివిడెండు తీసుకోరు, జీతం తీసుకుంటారు. జీతం కంపెనీకి ఖర్చు కింద పోతుంది, పన్ను ఒక్కసారే. కోటికి 64 లక్షలు చేతికొస్తుంది. వ్యాపారానికి తగిన జీతమైతే మీ శాఖ కూడా కాదనలేదు.

మామయ్య: కానీ ఇంటి ఖర్చుకు కావలసినంతే జీతంగా తీసుకుంటారు. ఆపైన తీసుకుంటే 35.88 కట్టాలి, కంపెనీలో వదిలేస్తే 25. మిగిలింది లోపలే ఉంటుంది. నేను అడుగుతున్నది ఆ మిగిలిన సొమ్ము గురించే.

మేనకోడలు: ఈ తేడా నిన్నా మొన్నటిది కాదుగా. 1987లో సెక్షన్ తీసేసినవాళ్లకు ఈ మాత్రం తెలియదా?

మామయ్య: తెలుసు, అప్పుడు తేడా లేదు కాబట్టే తీసేశారు. 1970ల మొదట్లో వ్యక్తుల మీద పై రేటు సర్‌ఛార్జితో కలిపి 97.75 శాతం దాకా పోయింది. అలాంటప్పుడు డివిడెండు తీసుకునేవాడెవడు? అందుకే 104 ఉండేది. 1985 బడ్జెట్టులో పై రేటును 50కి దించారు. కుటుంబ కంపెనీల పన్ను అప్పటికి అంతకంటే తక్కువేం కాదు. లోపల దాచుకున్నా లాభం లేనప్పుడు కాపలా అక్కర్లేదని సెక్షన్ కొట్టేశారు, అది సబబే. కానీ 2019 సెప్టెంబరులో కంపెనీ రేటు 22కి దించారు. 2020 ఏప్రిల్ నుంచి డివిడెండు పన్ను కంపెనీ కట్టడం పోయి, వాటాదారు తన స్లాబులో కట్టడం వచ్చింది. ఒక వైపు తగ్గించారు, రెండో వైపు పెంచారు. పాత తేడా మళ్లీ తెరుచుకుంది. కాపలా మాత్రం తిరిగి రాలేదు.

మేనకోడలు: ఆ కాపలా ఎలా ఉండేదో కూడా చెప్పండి. మీరు రాసిన ఆర్డర్లు మా సీనియర్ల దగ్గర నేను చదివాను.

మామయ్య: చెప్తాను. పన్నులు పోగా పంచదగిన ఆదాయం అని ఒక లెక్క తీసేవాళ్లం. వ్యాపార కంపెనీ అయితే అందులో 60 శాతం, పెట్టుబడుల కంపెనీ అయితే 90 శాతం ఏడాది ముగిసిన పన్నెండు నెలల్లోపు పంచాలి. సరుకు తయారు చేసే పరిశ్రమలకు మినహాయింపు. పంచకపోతే మిగిలినదాని మీద వ్యాపార కంపెనీకి 37 శాతం, పెట్టుబడుల కంపెనీకి 50 శాతం అదనపు పన్ను.

మేనకోడలు: పంచదగింది వంద రూపాయలైతే, 60 పంచినవాడికి సున్నా. 50 పంచినవాడికి? తక్కువ పడిన పది మీద కాదు, పంచని యాభై మొత్తం మీద 37 శాతం, పద్దెనిమిదిన్నర రూపాయలు. పది రూపాయలు ఆపుకున్నందుకు పద్దెనిమిదిన్నర కట్టాలి. కొద్దిపాటి కొరత అయితే సరిచేసుకోవడానికి అవకాశం ఇచ్చేవారనుకోండి. అయినా ఆ గీత వ్యాపారాన్ని చూసి గీసిన గీత కాదు. 60 అనే అంకెకూ సిమెంటు గోడౌనుకూ సంబంధం ఏమిటి?

మామయ్య: అంకె మొరటుదే, ఒప్పుకుంటాను. కానీ దాని పక్కనే ఒక వెసులుబాటు ఉండేది. గత నష్టాల వల్లనో, లాభం చిన్నదవడం వల్లనో ఇంతకంటే పంచడం సమంజసం కాదని అధికారికి తోస్తే ఆర్డరు రాయకూడదు.

మేనకోడలు: అధికారికి తోస్తే! అదే కదా నా బాధ. మీరు కుర్చీలో కూర్చుని మా క్లయింటుకు ఎంత డబ్బు కావాలో చెప్పడం.

మామయ్య: ఆ మాటకు సుప్రీంకోర్టు ఎప్పుడో జవాబు చెప్పింది. 1965లో గంగాధర్ బెనర్జీ కంపెనీ కేసు. తీర్పు రాసింది మన రాజమండ్రి కోకా సుబ్బారావుగారు, మరుసటేడు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. అధికారి తనను డైరెక్టర్ల స్థానంలో ఊహించుకోవాలి, పన్ను వసూలు చేసేవాడి కళ్లతో కాక వ్యాపారి కళ్లతో చూడాలి అన్నారు. లాభం చిన్నదా పెద్దదా అన్నది పన్ను లెక్కలో తేలిన ఆదాయంతో కాదు, వ్యాపారంలో నిజంగా వచ్చిన లాభంతో కొలవాలన్నారు. నష్టాలు, చిన్న లాభం అనే రెండే కాక మిగతా పరిస్థితులు కూడా చూడాలన్నారు. ఆ తీర్పు చదివాక నేను కట్టిపెట్టిన ఫైళ్లున్నాయి.

మేనకోడలు: ఆ తీర్పు గొప్పది, కాదనను. కానీ ఆ కేసు 1948-49 అసెస్‌మెంటు సంవత్సరానిది. వ్యాపారి కళ్లతో చూడాలని తేలడానికి ఇన్నేళ్లు పట్టింది. అప్పటిదాకా ఆ కంపెనీ వకీళ్ల ఫీజులు కడుతూనే ఉంది. చట్టంలో కొలమానం లేకుండా మనసు చూడమంటే ప్రతి ఫైలూ అలాగే నడుస్తుంది.

ఇక్కడ నా మాట ఒకటి చేర్చాలి. ఈ పన్ను మీద జరిగే వాదనలు చాలావరకు ఈ చోటే ఆగిపోతాయి. ఒకరు ఎగవేత అంటారు, ఇంకొకరు వేధింపు అంటారు. వ్యాపారానికి ఎంత నిల్వ కావాలో లెక్క వేయవచ్చా అని అడిగితే తప్ప అది ముందుకు కదలదు. మామయ్య ఆ లెక్క దగ్గరికే వచ్చారు.

మామయ్య: కొలమానం ఉంది. అమెరికాలో ఇలాంటి పన్ను ఇప్పటికీ బతికే ఉంది. పోగుపడిన ఆదాయం మీద 20 శాతం. మొదటి రెండున్నర లక్షల డాలర్ల జోలికి పోరు, ఆపైన వ్యాపార అవసరానికి మించి ఉంచుకుంటే వేస్తారు. అవసరం ఎంతో తేల్చడానికి 1965లో బార్డాల్ అనే కంపెనీ కేసులో అక్కడి టాక్స్ కోర్టు వాడిన సూత్రం ఉంది. నీ అన్నదమ్ముల మీద వేసి చూద్దామా? సరుకు గోడౌనులో సగటున ఎన్ని రోజులుంటుంది?

మేనకోడలు: నలభై అయిదు.

మామయ్య: అమ్మాక కాంట్రాక్టర్ల దగ్గర నుంచి డబ్బు రావడానికి?

మేనకోడలు: అరవై రోజులు. ఇనుము కంపెనీ వాళ్లకు మేం ముప్పై రోజులు ఆగి కడతాం.

మామయ్య: నలభై అయిదు, అరవై కలిపితే నూట అయిదు. ముప్పై తీసేస్తే డెబ్బై అయిదు రోజులు. చేతిలో నుంచి వెళ్లిన రూపాయి తిరిగి రావడానికి అంత కాలం పడుతుంది. సరుకు కొనుగోలు, జీతాలు, అద్దెలు అన్నీ కలిపి ఏడాది ఖర్చు?

మేనకోడలు: తరుగుదల కాకుండా ఆరు కోట్లు.

మామయ్య: ఆరు కోట్లలో 365కి 75 వంతులు. కోటీ 23 లక్షలు. ఒక చుట్టు తిరగడానికి అంత నగదు ఉంటే చాలు. కొత్త గోడౌను కట్టాలనుకుంటున్నారా?

మేనకోడలు: అనుకుంటున్నారు. కోటి రూపాయలు.

మామయ్య: అనుకోవడం కాదు. బోర్డు తీర్మానం ఉందా, స్థలం చూశారా, ఎస్టిమేటు వేయించారా? ఉంటే ఆ కోటి కూడా వదిలేద్దాం. అప్పుడు అవసరం రెండు కోట్ల 23 లక్షలు. ఉన్నది నాలుగు కోట్లు. కోటీ 77 లక్షలకు వ్యాపారంలో పని లేదు. ఇందులో నేను ఎవరి మనసూ చదవలేదు, నీ పుస్తకాల్లోని అంకెలే చదివాను.

మేనకోడలు: మీ లెక్కలో ఒక్క సంగతి లేదు. ఈ కంపెనీ గోడౌను సింగ్‌నగర్ వైపు ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు ఊరి మీద పడినప్పుడు లోపల సిమెంటు బస్తాలన్నీ గడ్డకట్టాయి. తడిసిన సిమెంటు రాయి అయిపోతుంది, దులిపి అమ్ముకునే సరుకు కాదు. ఇన్సూరెన్సు సర్వేయరు వచ్చి, కాగితాలు అడిగి, క్లెయిము తేలేసరికి నెలలు పట్టింది. ఈలోపు కూలీలకు ఇవ్వాలి, సరుకు పంపినవాళ్లకు కట్టాలి. కాంట్రాక్టర్లు కూడా మునిగారు కాబట్టి రావలసింది రాలేదు. డెబ్బై అయిదు రోజుల చుట్టు ఆ ఏడాది ఎంత సాగిందో నేను చూశాను. మీరు పనికిరానిదన్న ఆ డిపాజిట్లే ఆ కంపెనీని నిలబెట్టాయి. అదే వీధిలో నిల్వ లేని ఇద్దరు చేతులెత్తేశారు.

మామయ్య: వరద నష్టానికి నిల్వ కావాలంటే దానికీ ఒక అంకె పెట్టుకోవచ్చు. గోడౌనులో ఒకసారి ఉండే సరుకు విలువ ఎంతో అంత. నలభై అయిదు రోజుల సరుకు డెబ్బై నాలుగు లక్షలు దాటదు. అది కూడా కలుపు. ఇంకా కోటికి పైగా మిగులుతుంది.

మేనకోడలు: సరే, ఆ కోటి దగ్గరికే వద్దాం. అది లోపల ఉన్నందువల్ల ప్రభుత్వం పోగొట్టుకున్నది ఎంతో ఎవరైనా లెక్క వేశారా? నేను వేశాను. మీరు చెప్పిన 74 లక్షల 83 వేలనే తీసుకుందాం. కంపెనీలో ఏడు శాతం వడ్డీకి వేస్తే, పన్ను పోగా 5.24 మిగులుతుంది. పదేళ్లకు కోటీ 24 లక్షల 68 వేలు అవుతుంది. అప్పుడు డివిడెండుగా పంచి, అప్పుడూ 35.88 శాతమే కడితే చేతికి 79 లక్షల 95 వేలు. అలా కాక మొదటి ఏడే పంచేసి, చేతికొచ్చిన 47 లక్షల 98 వేలను అన్నగారు సొంత పేరున అదే ఏడు శాతానికి వేశారనుకోండి. ఆయనకు పన్ను పోగా మిగిలేది 4.49. పదేళ్లకు 74 లక్షల 43 వేలు. రెండింటికీ తేడా అయిదున్నర లక్షలు. మీరు మొదట చెప్పిన 27 లక్షలు కాదు.

మామయ్య: ఎందుకలా వచ్చింది?

మేనకోడలు: వాయిదా పడిన పన్ను కూడా లోపలే పెరుగుతుంది, చివర్లో పెరిగినంతా ప్రభుత్వం తన 35.88 వాటా తీసుకుంటుంది. ఆ డిపాజిట్లలో మూడో వంతుకు పైగా ప్రభుత్వానిదే అనుకోవచ్చు, అది యజమానితో పాటు వేచి ఉంటుంది. యజమానికి నిజంగా మిగిలేది ఒక్కటే. వడ్డీ మీద ఏటా 35.88 బదులు 25.168 కట్టడం. అయిదున్నర లక్షలూ అక్కడి నుంచే వచ్చాయి. దానికోసం అసలు మొత్తం మీద 37 శాతం కొట్టడం ఏ లెక్కలో న్యాయం?

మామయ్య: నీ లెక్క చివర్లో డివిడెండు పంచుతారన్న మాట మీద నిలబడింది. వాళ్లు పంచుతారా?

మేనకోడలు: వేరే దారుల్లో ఎక్కువ భాగం మీరే మూసేశారుగా. కంపెనీ నుంచి అప్పుగా తీసుకుంటే, పది శాతం ఓటు ఉన్న వాటాదారుడికి అది డివిడెండే అని 1961 చట్టంలో 2(22)(ఇ) పెట్టారు, పోగైన లాభాల మేరకు. మూలధనం తగ్గించి ఇచ్చినా అంతే. కంపెనీ మూసేసి పంచుకున్నా పోగైన లాభం మేరకు డివిడెండే.

మామయ్య: ఒక తలుపు తెరిచే ఉంది. పదేళ్ల తరువాత వాటాలు అమ్మేస్తారు. లిస్టు కాని వాటాలు రెండేళ్లు దాటి ఉంచుకుని అమ్మితే 12.5 శాతం, సర్‌ఛార్జి సెస్సులతో 14.95. నీ కోటీ 24 లక్షల 68 వేలకు అంతే ధర వచ్చిందనుకో, చేతికి కోటీ ఆరు లక్షలు. నువ్వు చెప్పిన 79.95 ఎక్కడ, 106 ఎక్కడ? అయిదున్నర లక్షల తేడా కాస్తా 31 లక్షలు దాటింది. డివిడెండుగా రావలసిన ఆదాయం మూలధన లాభం వేషంలో బయటికొచ్చింది. అమ్మకపోతే పిల్లలకు పోతుంది. మన దేశంలో 1985 నుంచి ఎస్టేట్ డ్యూటీ లేదు.

మేనకోడలు: కొనేవాడు పూర్తి ధర ఎందుకిస్తాడు? లోపలి నగదును తను బయటికి తీసుకోవాలంటే తనకూ డివిడెండు పన్ను పడుతుందని అతనికి తెలుసు. వందకు వంద ఇవ్వడు, తగ్గిస్తాడు. పిల్లలకు పోయినా వాటాలు తండ్రి కొన్న ధరకే వాళ్ల లెక్కలోకి వస్తాయి, అమ్మిన రోజు మొత్తం లాభానికీ పన్ను కడతారు. అమెరికాలోలాగా చనిపోయిన రోజు ధరకు మారిపోదు.

మామయ్య: తగ్గిస్తాడు, నిజమే. కానీ కొనేది మరో కంపెనీ అయితే? ఆ కంపెనీ తనకొచ్చిన డివిడెండును తన వాటాదార్లకు పంచినంత మేర మినహాయింపు పొందుతుంది. పంచకపోతే తన రేటు 25. అది 35.88 పడుతుందని ధర తగ్గించదు. అమ్మేవాడు, కొనేవాడు కలిసి పంచుకునేది ఖజానాకు రావలసిన సొమ్మే.

మేనకోడలు: అయితే మందు ఆ తలుపు దగ్గర వేయండి. ఏటేటా ప్రతి వ్యాపారి డిపాజిట్లు లెక్కపెట్టడం ఎందుకు? రూజ్‌వెల్టు 1936లో అలాగే అన్ని కంపెనీల పంచని లాభాల మీద 7 నుంచి 27 శాతం దాకా మెట్లుగా పన్ను వేశాడు. బ్యాంకు అప్పు సులువుగా దొరకని చిన్న కంపెనీలకు లోపలి లాభమే పెట్టుబడి, ఎక్కువ గొడవ వాళ్ల నుంచే వచ్చింది. రెండేళ్లలో దాన్ని నామమాత్రానికి కుదించి, ఆ తరువాత వదిలేశారు. మీ 104లో పరిశ్రమలకు మినహాయింపు ఇచ్చింది కూడా ఆ భయంతోనే. మరి గోడౌను కట్టే టోకు వ్యాపారి ఏ పాపం చేశాడు?

మామయ్య: నువ్వైతే ఏం చేస్తావు? ఏమీ చేయకూడదనా?

మేనకోడలు: కెనడా చేసింది చూడండి. అక్కడ ప్రైవేటు కంపెనీ వ్యాపార లాభానికి తక్కువ రేటు, దాన్ని లోపల ఉంచుకున్నందుకు వేరే పన్ను లేదు. ఆ నిల్వ మీద వడ్డీ, అద్దె లాంటి ఆదాయం వస్తే మాత్రం దాదాపు సగం పన్ను, అంటే పై స్లాబు వ్యక్తికి పడేంత. అందులో ఆదాయం మీద 30.67 శాతం మేర పక్కన రాసి పెట్టుకుంటారు. కంపెనీ డివిడెండు పంచినప్పుడు ఆ మేరకు తిరిగి ఇస్తారు. దాచుకున్నందువల్ల కలిసొచ్చేది వడ్డీ మీద రేటు తేడాయే అని ఇందాక లెక్కలో తేలింది కదా. ఆ తేడాను అక్కడికక్కడే తీసేస్తే, దాచుకున్నా పంచినా ఒకటే. అధికారి వ్యాపారి కళ్లు అరువు తెచ్చుకోనక్కర్లేదు. బుడమేరు వచ్చినా రాకపోయినా ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

మామయ్య: డిపాజిటు మానేసి స్థలం కొంటారు. వడ్డీ రాదు, అద్దె రాదు, ధర మాత్రం పెరుగుతుంది. అమరావతి చుట్టూ కంపెనీల పేరున స్థలాలు కొనేవాళ్లు నీకు తెలియదా?

మేనకోడలు: అమ్మిన రోజు ఆ లాభాన్ని కూడా పెట్టుబడి ఆదాయంగానే లెక్కించాలి. కెనడాలో దానిలో పన్ను పడే భాగాన్ని ఇదే పద్దులో వేస్తారు. అమ్మేదాకా వాయిదా పడుతుంది, అది మిగిలే లోపమే. కానీ ఆ లోపం సొంత పేరున కొన్న స్థలానికీ ఉంది. కంపెనీ ఉన్నవాడికే దొరికే వెసులుబాటు కాదు.

మామయ్య: వాటాల అమ్మకం సంగతి?

మేనకోడలు: అది కెనడా పద్ధతికి లొంగదు, నిజం. అక్కడ మీరు చెప్పేదానికి దగ్గరగానే వస్తాను. కుటుంబ కంపెనీ వాటాలు అమ్మినప్పుడు, ధరలో నగదు, డిపాజిట్ల మేరకు ఉన్న భాగాన్ని పోగైన లాభాల హద్దులో డివిడెండుగా లెక్కించండి. అప్పుకు 2(22)(ఇ) చేసినట్టే.

మామయ్య: అమ్మకానికి ముందు రోజు డిపాజిట్లు రద్దు చేసి సరుకు కొనేస్తే?

మేనకోడలు: అమ్మకానికి ముందు రెండేళ్ల సగటు నిల్వ చూడాలి.

మామయ్య: సగటు నిల్వలో వ్యాపారానికి కావలసింది ఎంత, మిగులు ఎంత అని మళ్లీ తేల్చాలి కదా. గోడౌను తిప్పడానికి పెట్టుకున్న కోటీ 23 లక్షల్ని డివిడెండు అంటావా?

మేనకోడలు: అనను.

మామయ్య: అయితే నీకూ బార్డాల్ లెక్క కావాలి. ఏటేటా కాదు, అమ్మిన ఏడు మాత్రమే. అంతే తేడా.

మేనకోడలు: ఆ తేడా చిన్నది కాదు మామయ్యా. కంపెనీ జీవితంలో ఒకసారి, చేతికి డబ్బొచ్చిన ఏడాదిలో, అమ్మినవాడి దగ్గర అడిగే ప్రశ్న అది. వరదలో మునిగిన ఏడాదిలో, గోడౌను కట్టబోయే ఏడాదిలో అడిగేది కాదు. రోజుల లెక్క సూత్రాన్ని చట్టంలోనే రాసేయండి, బోర్డు తీర్మానం తేదీ అమ్మకానికి ఏడాది ముందుదై ఉండాలని రాయండి. ఆ మాత్రం అయితే నా క్లయింట్లకు నేనే చెప్పి ఒప్పిస్తాను.

మామయ్య: రోజుల లెక్కతో పాటు ఒక మాట కూడా రాయాలి. సరుకు నష్టానికి పెట్టుకున్న నిల్వ, గోడౌనులో ఒకసారి ఉండే సరుకు విలువకు మించకపోతే ప్రశ్నించకూడదని. సింగ్‌నగర్‌లో జరిగింది విన్నాక అది లేకుండా నేను ఆ సెక్షన్ మీద సంతకం పెట్టను.

మేనకోడలు: అయితే ఆ డెబ్బై నాలుగు లక్షలు కూడా కలిపి రాసుకోండి. మిగులు కోటీ మూడు లక్షలు. డివిడెండు రేటు పడేది దాని మీదే, అది కూడా అమ్మిన ఏడే. ఈలోపు ఏటా వడ్డీ మీద పై స్లాబు రేటు.